పలుచటి ఆల్ట్‌కాయిన్ బుక్‌లో ఎంట్రీకి ఏ ఆర్డర్? చాలాకాలం వాడాక మూడింటి సమీక్ష

లిక్విడిటీ తక్కువున్న ఆల్ట్‌కాయిన్లలో మార్కెట్, లిమిట్, స్టాప్-లిమిట్ మూడూ చాలాకాలంగా వాడుతున్నాను. స్పాట్‌లో కొనడం వరకు నా తీర్పు ముందే చెప్పేస్తాను. తొందరుంటే, దొరికినంత వెంటనే కొని మిగతాది రద్దు చేసే IOC పెట్టిన లిమిట్; తొందర లేకపోతే, బుక్‌లో ఆగి ఎదురుచూసే Post Only లిమిట్. మార్కెట్ ఆర్డర్ అవసరం దాదాపు రాదు. అందరూ సేఫ్ అనుకునే స్టాప్-లిమిట్ మీదే నాకు ఎక్కువ ఫిర్యాదులున్నాయి.

మార్కెట్ ఆర్డర్ ఎక్కడ ముంచుతుందో ఒక లెక్కలో చూద్దాం. బెస్ట్ బిడ్ 0.0494. అమ్మకాల వైపు 0.0500 దగ్గర 4,000 కాయిన్లు, 0.0504 దగ్గర 5,000, 0.0512 దగ్గర 6,000, 0.0525 దగ్గర 10,000 ఉన్నాయనుకోండి. 1,000 USDTకి మార్కెట్ కొడితే మొదటి మూడు మెట్లు ఖాళీ అయ్యేసరికి 759 ఖర్చవుతుంది, మిగతా 241 నాలుగో మెట్టుకి పోతుంది. సగటు ధర 0.05106 పడుతుంది. స్క్రీన్ మీద కనిపించిన 0.0500 కన్నా ఇది 2.1 శాతం ఎక్కువ. మరుక్షణం 0.0494కి అమ్మినా, ఫీజు కలపకుండానే 3.2 శాతం నష్టం. చార్ట్ చూస్తే ఇదేమీ తెలియదు, బుక్ చూస్తేనే తెలుస్తుంది.

అదే బుక్‌లో 0.0504కి లిమిట్ పెట్టి, టైమ్ ఇన్ ఫోర్స్ దగ్గర IOC ఎంచుకుంటే 452 USDTకి 9,000 కాయిన్లు వస్తాయి, సగటు 0.05022. మిగతా భాగం అక్కడికక్కడే క్యాన్సిల్ అవుతుంది. వేగంలో మార్కెట్ ఆర్డర్‌కి ఏమాత్రం తీసిపోదు, పైగా ధరకి హద్దు ఉంటుంది. మామూలుగా ఉండే, క్యాన్సిల్ చేసేదాకా ఆర్డర్‌ని బుక్‌లో నిలిపే GTCనే ఉంచేస్తే మాత్రం మిగిలిన 548 USDT ఆర్డర్ 0.0504 దగ్గర బెస్ట్ బిడ్‌గా నిలబడి, మీరెంత కొనాలనుకుంటున్నారో అందరికీ చూపిస్తుంది. పలుచటి బుక్‌లో అంత పెద్ద బిడ్ కనపడగానే అమ్మేవాళ్లు తమ ధరలు పైకి జరుపుకుంటారు.

ఆ తర్వాత ఆగి చూడాల్సింది ఒక్కటే: ఖాళీ అయిన 0.0500, 0.0504 మెట్లు మళ్లీ నిండుతున్నాయా? నిండితే రెండో ముక్క అదే ధరకి కొట్టవచ్చు. నిమిషాలు గడిచినా నిండకపోతే ఆ కాయిన్‌లో ఉన్న లోతు అంతే, సైజు తగ్గించుకోవాలి. ముక్కలు మరీ చిన్నవైతే ఎక్స్చేంజ్ పెట్టిన కనీస ఆర్డర్ విలువ కంటే తక్కువ మిగులు పడి, దాన్ని విడిగా అమ్మడం కుదరదు.

Post Onlyతో 0.0495కి కూర్చుంటే స్ప్రెడ్ మిగులుతుంది. ఆర్డర్ ఎదురు ధరని తాకేలా ఉంటే రిజెక్ట్ అవుతుంది కాబట్టి పొరపాటున టేకర్ ఫీజు పడదు. లోపమల్లా ఒకటే. ఎవరైనా మీ ధరకి అమ్మితేనే మీ ఆర్డర్ నిండుతుంది, అంటే చాలాసార్లు ధర పడుతున్నప్పుడే. ఫిల్ కాగానే కింది బిడ్లు చూడండి. అవి కూడా మాయమైతే మీకు చవకగా దొరకలేదు, పెద్ద అమ్మకం మధ్యలో దొరికిపోయారన్నమాట. బాట్లు 0.0496కి వచ్చి మీ ముందు నిలబడితే వాటి వెంట పడొద్దు. ధర మార్చిన ప్రతిసారీ వరుసలో చివరికి పోతారు.

ఇక స్టాప్-లిమిట్. బ్రేకవుట్ కోసం స్టాప్ 0.0530, లిమిట్ 0.0535 పెట్టారనుకోండి. స్పాట్‌లో ట్రిగ్గర్ సాధారణంగా చివరి ట్రేడ్ ధర మీద ఆధారపడుతుంది. బుక్ పలుచగా ఉంటే ఎవరిదో చిన్న మార్కెట్ ఆర్డర్ 0.0530ని తాకినా చాలు, బ్రేకవుట్ ఏమీ లేకుండానే మీ ఆర్డర్ బుక్‌లోకి వెళ్లిపోతుంది. నిజంగా ధర లేచినప్పుడేమో తర్వాతి అమ్మకం 0.0541 దగ్గరుంటుంది, మీది నిండదు. అసలు నష్టం ఆ తర్వాతే. నిండని ఆర్డర్ 0.0535 దగ్గర మామూలు బిడ్‌గా మిగిలిపోతుంది. ధర నిలబడితే మీకు కాయిన్ దక్కదు. బ్రేకవుట్ విఫలమై వెనక్కి పడితేనే దక్కుతుంది. అంటే మీకు అక్కర్లేని సందర్భంలోనే ఆర్డర్ పనిచేస్తుంది.

గ్యాప్ పెంచితే ఇది తీరదు. లిమిట్‌ని 0.0550కి జరిపితే అది దాదాపు మార్కెట్ ఆర్డరే. అందుకే 0.0530కి ప్రైస్ అలర్ట్ పెట్టుకుని, మోగాక బుక్ చూసి చేత్తో IOC లిమిట్ కొట్టడం మేలు. స్క్రీన్ ముందు ఉండలేక స్టాప్-లిమిట్ పెట్టాల్సే వస్తే, స్టాప్‌కీ లిమిట్‌కీ మధ్య మీ సైజుకి సరిపడా అమ్మకాలు ఇప్పుడైనా ఉన్నాయో లేదో కూడి చూడండి. ట్రిగ్గర్ అయినట్టు నోటిఫికేషన్ రాగానే ఓపెన్ ఆర్డర్స్ తెరిచి, నిండని మిగులుని క్యాన్సిల్ చేయండి.