పద్యాల ఛానెల్‌కు ఊపిరి పోసిన ఒక సెట్టింగు

యూట్యూబ్‌లో 'ఇది పిల్లల కోసం చేసిన వీడియోనా' అన్న ప్రశ్నకు ఛానెల్ మొత్తానికీ ఒకే జవాబు చెప్పనక్కర లేదు. ఏ వీడియోకు ఆ వీడియోకు విడిగా చెప్పవచ్చు. ఈ ఒక్క వెసులుబాటు లేకపోతే నా శతక పద్యాల ఛానెల్ ఎప్పుడో మూతపడేది.

2020కి ముందు నుంచీ చిన్నపిల్లలకు బొమ్మలతో పద్యాలు నేర్పే వీడియోలు పెడుతున్నాను. వాటి కింద వ్యాఖ్యలే నాకు అసలు ఆస్తి. ఒకరు తమ ఊళ్లో ఆ పాదం మరోలా చెబుతారని రాసేవారు, ఇంకొకరు యతి ఎక్కడ పడిందో చూపేవారు. 2020 జనవరిలో కొత్త నియమం అమలులోకి వచ్చింది. పిల్లల వీడియోలని ప్రకటించగానే వాటి కింద వ్యాఖ్యలన్నీ కనబడకుండా పోయాయి. చివర్లో మరో వీడియోకు దారి చూపే ఎండ్ స్క్రీన్, మధ్యలో వచ్చే కార్డులు కూడా పోయాయి. ఆ వారమంతా మనసు మనసులో లేదు.

కారణం తెలిశాక కోపం చల్లారింది. అమెరికాలో 13 ఏళ్లలోపు పిల్లల వ్యక్తిగత సమాచారాన్ని తల్లిదండ్రుల అనుమతి లేకుండా సేకరించకూడదని 1998లోనే చట్టం చేశారు. ఆ చట్టం కిందే 2019 సెప్టెంబరులో గూగుల్, యూట్యూబ్‌లు 17 కోట్ల డాలర్లు కట్టడానికి ఒప్పుకున్నాయి. 2020 జనవరి నుంచి పిల్లల వీడియో చూసేవారి వయసు ఎంతైనా, ఆ చూపును పిల్లల చూపుగానే లెక్కిస్తారు. చూసేవారి అభిరుచిని బట్టి చూపే ప్రకటనలు ఆగిపోతాయి. నియమం అన్ని దేశాలవారికీ ఒకటే కనుక అప్‌లోడ్ చేసేది తెనాలి నుంచైనా తప్పించుకునే వీలు లేదు.

నేను చేసిందల్లా ప్రతి పద్యాన్నీ రెండు వీడియోలుగా విడదీయడం. బొమ్మలు కదులుతూ, పదం పదం నెమ్మదిగా పలికించేది పిల్లలది. దానికి 'అవును' అని పెట్టాను. ఛందస్సు, పాఠభేదాలు, బడిలో ఆ పద్యాన్ని ఎలా చెప్పాలి అన్నవి పెద్దలవి. వాటికి 'కాదు'. నెల తిరగకుండానే పెద్దల వీడియోల కింద పాత చర్చలు మళ్లీ మొదలయ్యాయి. మునుపటికంటే లోతుగా సాగాయి కూడా.

ఇక్కడ చాలామంది తడబడేది ఒకటుంది. పిల్లలు చూడవచ్చా అని కాదు ఆ ప్రశ్న అడిగేది, ఎవరిని ఉద్దేశించి చేశారని. తెర మీద పిల్లవాడు కనబడినంత మాత్రాన అది పిల్లల వీడియో అయిపోదు. విషయం, భాష, బొమ్మలు, పాటలు అన్నీ కలిపి చూడాలి. 'కాదు' అంటే పెద్దలకు మాత్రమే అన్న ముద్ర పడుతుందని కొందరు భయపడతారు. 18 ఏళ్ల పరిమితి పూర్తిగా వేరే సెట్టింగు.

అప్‌లోడ్ చేసేటప్పుడు యూట్యూబ్ అడిగే రెండో ప్రశ్న 2024 మార్చిలో వచ్చింది. వివరాల పేజీలో 'Show more' నొక్కితే 'Altered content' కనిపిస్తుంది. నిజమైన మనిషి అననిది అన్నట్టు, చేయనిది చేసినట్టు చూపారా, నిజంగా జరిగిన ఘటననో ఉన్న చోటునో మార్చారా, జరగని దృశ్యాన్ని జరిగినట్టే నమ్మేలా సృష్టించారా అని అడుగుతుంది. కార్టూను బొమ్మలకు, రంగులు సరిదిద్దడానికి ఇది వర్తించదు. కాబట్టి నా పిల్లల వీడియోలకు ఆ బెంగ లేదు. పాతకాలపు వీధిబడి మీద చేసిన వీడియోలో మాత్రం, ఇసుకలో అక్షరాలు దిద్దే పిల్లల దృశ్యాన్ని కృత్రిమ మేధతో అచ్చం పాత ఫొటోలా తయారుచేశాను. దానికి 'అవును' అన్నాను. ఇలా ప్రకటించినందుకు వీక్షకులను గానీ ఆదాయాన్ని గానీ తగ్గించబోమని నియమంలోనే ఉంది. నా వీడియోకు రావలసిన ఆదరణ వచ్చింది.

అయితే 'అవును' అన్నందుకు యూట్యూబ్ వేసే ముద్ర ఒక్కదానితో పని పూర్తి కాలేదు. ఎన్నికలు, ఆరోగ్యం, వార్తలు, డబ్బు వంటి విషయాలకైతే దాన్ని వీడియో మీదే చూపుతారు. నాలాంటి వీడియోకు అది వివరణ తెరిచినవారికే కనబడుతుంది. వివరణ తెరిచేదెందరు? ఒక పెద్దాయన ఆ బడి ఏ ఊరిదని అడిగారు, తన తాతగారు చదివిన బడిలా ఉందట. ఆయనకు నిజం చెబుతుంటే మనసు చివుక్కుమంది. ఇప్పుడు అలాంటి దృశ్యం ఉన్నంతసేపూ 'ఇది ఊహాచిత్రం' అని తెర మీదే రాస్తున్నాను.

వెసులుబాటు బాగుందన్నాను గానీ, విడదీయడంలో ఒక లోటు మిగిలింది. పిల్లల వీడియో చూసిన తల్లిని పెద్దల వీడియోకు పంపడానికి ఎండ్ స్క్రీన్ లేదు. ఆ మాట నోటితోనే చెప్పాల్సి వస్తోంది, వినేది కొందరే. నాకు ఉపాధ్యాయుడిగా జీతం వస్తుంది కనుక ప్రకటనల రాబడి తగ్గినా ఇల్లు గడుస్తుంది. పిల్లల పాటల మీదే బతికే చిన్న బృందానికి ఇదే సెట్టింగు చాలా బరువుగా తోచవచ్చు. వారు మొదటి వీడియో తీయకముందే ఆ లెక్క వేసుకోవాలి.