పిల్లలకు తొలి కుస్తీ ఆట ఏది మేలు: నెట్టడమా, తాకడమా, మోకాళ్ల మీద పట్టడమా?

ఆరు నుంచి ఎనిమిదో తరగతి పిల్లలకు కుస్తీ మొదలుపెట్టబోయే పీఈటీలు, కొత్త కోచ్‌లు తరచూ అడిగే ప్రశ్న ఇది: పోటీల దాకా వెళ్లకముందు మ్యాట్ మీద ఏ ఆటతో మొదలుపెట్టాలి? అందరూ చెప్పే ఆటలు మూడు. గుండ్రటి గీతలోంచి ఎదుటివారిని బయటికి నెట్టేది ఒకటి. నిలబడి ఆడుతూ, ఎదుటివారి మోకాలిని చేత్తో తాకితే పాయింటు వచ్చేది రెండోది. ఇద్దరూ మోకాళ్ల మీద ఉండి, పట్టు పట్టి, ఒకరినొకరు పక్కకి పడేసుకునేది మూడోది. మూడూ ఆడించాల్సినవే, తేడా అంతా క్రమంలో ఉంది.

ఆ క్రమం నిర్ణయించడానికి నేను ముందు చూసేది ఓడిపోతున్న పిల్ల లేదా పిల్లాడి చెయ్యి ఎటు పోతోంది అన్నది. పడబోతున్నామని తెలియగానే ఎవరైనా చెయ్యి చాస్తారు. మోచెయ్యి బిగిసి, అరచెయ్యి మ్యాట్‌కి ఆనితే ఒంటి బరువంతా మణికట్టు మీద, మోచేతి కీలు మీద పడుతుంది. ఈ వయసులో ఎముకల చివర్లు ఇంకా పెరుగుతూ ఉంటాయి కాబట్టి అక్కడ బలం తక్కువ. మ్యాట్ ఉంది కదా అని ధీమాగా ఉండకూడదు. నాలుగైదు సెంటీమీటర్ల మందం ఉన్న మ్యాట్ వీపుకి తగిలే దెబ్బను బాగా తగ్గిస్తుంది. చాచిన చేతిని మాత్రం అది కాపాడలేదు.

ఈ లెక్కన చూస్తే నెట్టే ఆటను మొదట పెట్టడం నాకు నచ్చదు. పిల్లలకు అది ఒక్క నిమిషంలో అర్థమవుతుంది, అరుపులూ కేకలతో హుషారు వస్తుంది, నిజమే. కానీ గెలవడానికి వాళ్లు ఎంచుకునే దారి చూడండి: కాళ్లు వెనక్కి చాపి, ఒళ్లంతా ముందుకు వాల్చి, తల దించి తోస్తారు. ఎదుటివారు ఒక్క అడుగు పక్కకి జరిగితే తోసేవారు బోర్లా పడి రెండు చేతులూ నేలకి ఆనిస్తారు. తోయించుకునేవారు వెనక్కి నడుస్తూ మడమ తట్టుకుని వెల్లకిలా పడతారు. ఆ పడటం నిలువెత్తు నుంచి, అదీ వెనక్కి. పైగా ఇక్కడ బరువున్నవారే గెలుస్తారు, తేలికైన పిల్లలకు రెండో రౌండుకే ఆసక్తి పోతుంది.

మోకాలు తాకే ఆట ఇంతకంటే చాలా నయం. తాకనివ్వకూడదంటే మోకాళ్లు వంచి, నడుము దించి, కాళ్లు చిన్న చిన్న అడుగులతో కదుపుతూ ఉండాలి. కుస్తీలో నిలబడే తీరు ఉపన్యాసం లేకుండానే ఒంటపడుతుంది. పడటాలు కూడా తక్కువ. దీనితో వచ్చే చిక్కు తలలు ఢీకొట్టుకోవడం. ఇద్దరూ ఒకేసారి కిందికి చూస్తూ వంగుతారు, టక్కున కొట్టుకుంటాయి. అందుకే 'కళ్లు ఎదుటివారి ఛాతీ మీద ఉండాలి, తల దించి తాకితే పాయింటు లేదు' అని నియమం పెట్టాలి. ఇందులో పట్టు అనేదే లేదు, పడటం నేర్పే వీలూ లేదు. కాబట్టి వార్మప్‌గా ఐదు నిమిషాలు ఆడించడానికి దీనికి మించింది లేదు.

అసలు పాఠం మోకాళ్ల మీద ఆటలో ఉంది. పడే ఎత్తు సగానికి తగ్గిపోతుంది, పరుగెత్తి వచ్చి గుద్దుకునే వీలుండదు, పట్టు మొదటి నిమిషం నుంచీ చేతిలో ఉంటుంది. ఆటకు ముందు పది నిమిషాలు పడటమే చేయిస్తాను. మొదట కూర్చుని వెనక్కి దొర్లడం: గడ్డం ఛాతీకి ఆనించి, వీపు గుండ్రంగా చేసి, చేతులు ఛాతీ మీద కట్టుకుని. చేతులు కట్టుకోమనడం వల్ల వెనక్కి చాచే అలవాటు ముందే ఆగిపోతుంది. ఇది కుదిరాక చేతులు విప్పి, వీపు మ్యాట్‌ని తాకే క్షణంలోనే అరచేతులు కిందికి ఉంచి, ఒంటికి కొంచెం ఎడంగా చరచమంటాను. తర్వాత గొంతుక్కూర్చుని, ఆ తర్వాత మోకాళ్ల మీంచి పక్కకి. పక్కకి పడేటప్పుడు ముందుగా తొడ, తర్వాత నడుము పక్క, ఆపైన భుజం వెనుక భాగం వరసగా తాకాలి. తల తాకకూడదు.

పట్టుల్లో రెండే చాలు. ఒకటి చంక కింద నుంచి చెయ్యి దూర్చి ఎదుటివారి భుజం వెనక పట్టడం. రెండోది నడుము చుట్టూ చేతులు వేసి మన రెండు చేతుల్నీ కలపడం. ఈ కలపడంలో వేళ్ల మధ్య వేళ్లు పెట్టనివ్వకండి. అలా పెట్టి పడితే చేతులు విడిపోవు, వేళ్లు మెలిపడతాయి. అరచేతికి అరచెయ్యి ఆనించి, బొటనవేలు మిగతా వేళ్ల పక్కనే అణిచి పెట్టాలి. మెడకు చెయ్యి వేయడం, విడి వేళ్లు పట్టుకుని లాగడం పూర్తిగా నిషేధం.

ఒక ఉదాహరణ చూద్దాం. 38 కిలోల అమ్మాయి, 41 కిలోల అమ్మాయి ఎదురెదురుగా మోకాళ్ల మీద ఉన్నారు. మొదటి అమ్మాయి కుడి చంక కింద పట్టు సంపాదించి లాగింది. రెండో అమ్మాయి ఎడమ చెయ్యి చాచి మ్యాట్‌కి ఆనించి నిలదొక్కుకుంది. చూసేవాళ్లకి భలే ఆపుకుంది అనిపిస్తుంది. నేను అక్కడే ఈల వేస్తాను. చెయ్యి ఆనించడం ఓటమి కిందే లెక్క, పాయింటు లాగిన అమ్మాయికి. ఆ నియమం తెలిశాక రెండో అమ్మాయికి మిగిలినవి రెండు దారులు: మోకాలు పక్కకి జరిపి నిలబెట్టుకోవడం, లేదంటే చెయ్యి ముడుచుకుని చక్కగా దొర్లడం. మొదటిది బ్యాలెన్స్, రెండోది క్షేమంగా పడటం. ఒకే నియమంతో రెండూ వస్తున్నాయి కాబట్టే ఈ ఆట వైపు నా మొగ్గు. అప్పటికీ చెయ్యి చాస్తూనే ఉంటే ఆ అమ్మాయిని ఆటలోంచి తీసి, గొంతుక్కూర్చుని పడటం మళ్లీ చేయించాలి. తిట్టాల్సిన పని లేదు, భయం వల్ల వచ్చే అలవాటు అది.

ఈ ఆటకూ ఇబ్బందులున్నాయి. మోకాళ్ల చర్మం గీసుకుపోతుంది, పొడవు ప్యాంటు గానీ మోకాలి ప్యాడ్ గానీ ఉంటే మంచిది. కొందరు మడమల మీద కూర్చుండిపోతారు, అలా కూర్చుంటే నడుము కదలదు, అదే భంగిమలో మెలితిరిగితే మోకాలికి నొప్పి. పిరుదులు మడమలకు తగిలితే ఆట ఆపి సరిచేయాలి. జోడీల మధ్య బరువు తేడా పదో వంతు దాటకుండా చూసుకోవాలి. రెండు మ్యాట్‌లు కలిసే చోట సందు ఉంటే కాలివేళ్లు ఇరుక్కుంటాయి, ఆ గీత మీద ఎవరినీ ఆడించకండి.

సాక్సులు లాక్కునే ఆట, నడుముకు కట్టిన రిబ్బను లాగే ఆట సరదాకి బాగానే ఉంటాయి, పట్టు మాత్రం రాదు.

నిలబడి పట్టుకోవడానికి ఎప్పుడు పంపాలంటే, పిల్లలకు చెప్పకుండా వాళ్ల ఆటను గమనించాలి. ఆట ఊపులో, పాయింటు కోసం కొట్లాడుతున్నప్పుడు కూడా వరసగా కొన్ని క్లాసుల పాటు చెయ్యి చాచకుండా పడుతున్నవారిని నిలబడే ఆటకు పంపండి. డ్రిల్‌లో బాగా పడి, ఆటలో చెయ్యి చాచేవారు ఇంకా సిద్ధం కాలేదు. నెట్టే ఆటను ఆ తర్వాత తెచ్చుకోవచ్చు, అదీ పరుగెత్తి రాకుండా, ఇద్దరూ ముందే పట్టు పట్టుకున్నాకే ఈల వేసి మొదలుపెట్టేలా.