రెండున్నరేళ్లు వాడిన బేబీ కాట్ పరుపు: మా అనుభవం

మా పాప పుట్టకముందు హైదరాబాదులో వడ్రంగి చేత టేకు కాట్ చేయించుకున్నాము. లోపలి కొలత 122 సెంటీమీటర్ల పొడవు, 61 వెడల్పు. ఆన్‌లైన్‌లో తెప్పించిన మొదటి పరుపు మీద అదే కొలత రాసి ఉన్నప్పటికీ, చుట్ట విప్పి రెండు రోజులు ఆరబెట్టాక టేపుతో చూస్తే వెడల్పు 57 మాత్రమే ఉంది. ఒక వైపుకు జరిపితే రెండో వైపు నాలుగు సెంటీమీటర్ల సందు మిగిలింది. ఆ సందులో బిడ్డ ముఖం ఇరుక్కుంటే తనంతట తాను తీసుకోలేదు. పాత చీర మడిచి కుక్కమని మా అమ్మ చెప్పింది కానీ, ఆ గుడ్డే బయటికి వచ్చి ముక్కుకు అడ్డుపడవచ్చని ఒప్పుకోక, పరుపు తిప్పి పంపాము. పరుపును ఒక మూలకు నెట్టి చూసినప్పుడు ఎదుటి అంచు దగ్గర రెండు వేళ్లు పట్టకూడదన్నది నేను పాటించిన లెక్క.

రెండోది రబ్బరైజ్డ్ కాయర్ పరుపు, పది సెంటీమీటర్ల మందం. అరచేత్తో గట్టిగా నొక్కి తీస్తే వెంటనే పైకి వచ్చేది, అచ్చు మిగిలేది కాదు. ఇంట్లో పెద్దలకు అది రాయిలా తోచి, బూరుగు దూది పరుపు కుట్టిద్దామన్నారు. పెద్దవాళ్ల నడుముకు సుఖమైన ఆ మెత్తదనమే, బోర్లాపడ్డ పసిబిడ్డ ముఖం అందులోకి దిగిపోవడానికి కారణమవుతుంది. పాప మాత్రం గట్టి పరుపు మీద ఏ ఇబ్బందీ లేకుండా నిద్రపోయింది.

తడి తగలని కవరు విషయంలోనే పొరపాటు చేశాను. మొదట పరిచిన రబ్బరు షీటు జరిగి ముడతలు పడేది, వేసవిలో వీపంతా చెమట పట్టేది. తరువాత నాలుగు మూలలా ఎలాస్టిక్ ఉండి, పైన టెర్రీ గుడ్డ, అడుగున నీరు దిగని పలుచని పొర ఉన్న కవర్లు రెండు కొన్నాను. ఒకదాన్ని వేడినీళ్లలో ఉతికితే కుదించుకుపోయి, తొడిగినప్పుడు పరుపు మూలలను పైకి లాగింది, దాంతో సరిగ్గా సరిపోయిన పరుపుకే మళ్లీ సందు ఏర్పడింది. అప్పటి నుంచి చన్నీళ్లలోనే ఉతుకుతున్నాను.

మా వదిన తన కొడుకు వాడిన ఫోమ్ పరుపు ఇస్తానంది. దాని మీద అడ్డంగా కర్ర స్కేలు పెడితే మధ్యలో వేలు దూరేంత గుంట కనిపించింది, జిప్పు తీస్తే లోపలి నుంచి పాత మూత్రపు వాసన వచ్చింది. వేరే ఇంటి నుంచి తెచ్చిన వాడిన పరుపుకూ శిశువుల ఆకస్మిక మరణాలకూ మధ్య సంబంధం కనిపించిందని 2002లో స్కాట్లాండ్ అధ్యయనం ఒకటి చెప్పింది. అయితే పరుపే కారణమని అది తేల్చలేదు. నన్ను ఆపింది ఆ గుంట, ఆ వాసన.

ఇప్పుడు మా పరుపులోనూ పాప పడుకునే చోట కొద్దిగా పల్లం పడింది. ఈ వయసు పిల్లకు దానితో భయం లేదు. త్వరలో పుట్టబోయే మా మరిది బిడ్డకు కాట్ ఇస్తున్నాము, పరుపు మాత్రం కొత్తది కొనుక్కోమని, ముందుగా కాట్ లోపలి కొలత రాసిచ్చాను.