ఫొటోలో నకిలీ తాళంకప్పను పట్టించేది తాళంచెవి పళ్లే

తాళంకప్ప కొనే ముందు ఫొటోలు తెప్పించుకుని అసలో నకిలీయో చూసుకోవడం నాకు చాలాకాలంగా అలవాటు. అందరూ ముందు కప్ప మీద పేరు చూస్తారు, నేను మాత్రం ఇప్పుడు ముందుగా తాళంచెవి ఫొటోనే అడుగుతాను. దానికి కారణం ఒక నాలుగు కప్పలు.

గేటుకి, మేడ తలుపుకి, స్టోర్ రూముకి, షెడ్డుకి అని ఒకే రకంవి తీసుకున్నాం. ఫొటోల్లో వంక పెట్టడానికేం లేదు, పోత నున్నగా ఉంది, పేరు లోతుగా గుద్ది ఉంది, ఒక్కో కప్ప చెవుల మీద ఒక్కో నంబరు. కొన్నాళ్లకి మా తమ్ముడు తొందరలో స్టోర్ రూము చెవిని గేటు కప్పలో పెట్టి తిప్పితే హాయిగా తెరుచుకుంది! అమ్మినవాడు పంపిన పాత ఫొటోలు తీసి పెద్దవి చేసి చూశాను. నంబర్లు వేరు, పళ్ల వరుస మాత్రం నాలుగింటికీ ఒకటే: లోతు, పైపైన, లోతు, లోతు, మధ్యస్థం. ఒకే చెవితో తెరుచుకునే సెట్లు అసలు కంపెనీలూ అమ్ముతాయి, కాకపోతే వాటి మీద మామూలుగా నంబరు కూడా ఒకటే ఉంటుంది. నంబర్లు మార్చి కోత మార్చలేదంటే ఆ నంబర్లు ఉత్త అలంకారమే.

ఇంకా దగ్గరగా చూస్తే కోత కూడా బండగానే ఉంది. మంచి మెషీన్ మీద కోసిన చెవిలో గంటు అడుగు చిన్నగా, చదునుగా ఉంటుంది, రెండు వైపులా వాలు తిన్నగా దిగుతుంది, జత చెవులని ఒకదాని మీద ఒకటి పెడితే గంట్లన్నీ కలుస్తాయి. వీటిలో అడుగు గుండ్రంగా అరిగినట్టుంది, అంచున లోహపు రజను పైకి లేచి ఉంది, ఒక జతలో మూడో గంటు కొంచెం పక్కకి జరిగింది. ఆ కప్పే తర్వాత చెవిని అటూ ఇటూ ఆడిస్తే గానీ తిరగని స్థితికొచ్చింది.

పక్కన అతుకు గీత కనబడితే నకిలీ అని ఇదివరకు అందరికీ చెప్పేవాణ్ణి. అది పూర్తిగా నిలబడదు, ఎందుకంటే తక్కువ రకం అసలు కప్పలనీ జింకు మిశ్రమంతో అచ్చులో పోస్తారు, వాటికీ గీత ఉండొచ్చు. పూర్తి ఇత్తడి అని రాసి ఉండి, కడ్డీ దూరే రంధ్రం అంచున పూత లేచి బూడిదరంగు కనిపిస్తే మాత్రం వదిలేయండి. అక్షరాలదీ అదే కథ: పోతలోనే వచ్చినవి మూలల్లో కరిగినట్టు ఉంటాయి, గుద్దినవి పదునుగా ఉంటాయి, కానీ గుద్దే పని నకిలీవాడికీ కష్టం కాదు.

నాకు ఒకేసారి ఎక్కువ కప్పలు కావాలి, అడిగిన కోణంలో ఫొటో తీసి పంపే ఓపికున్న అమ్మకందారు దొరికాడు, అందుకే ఈ పద్ధతి నడుస్తోంది. ఒక్క కప్పే కొంటే పోల్చడానికి ఇంకో జత ఉండదు, కోత నాణ్యత మాత్రమే చూడగలరు. తలుపు తాళాల్లో అయితే లోపలి సిలిండర్ ఫొటోలో సరిగ్గా కనబడదు, అక్కడ నా నమ్మకం సగమే. పక్క నుంచి వెలుతురు పడేలా తీసిన ఫొటో కావాలి, ఫ్లాష్‌తో తీస్తే రజను, గుండ్రని అడుగు రెండూ మెరుపులో కలిసిపోతాయి.