నాలుగేళ్లు వాడాక: గుర్తు పడని లైన్ల కథ

మా దగ్గర నెలవారీ బడ్జెట్-యాక్చువల్ రిపోర్టు తయారుచేసేది నేనే. వివరణల కోసం డిపార్ట్‌మెంట్ల వెంట పడేదీ నేనే. కాబట్టి దీన్ని మెచ్చుకున్నా తిట్టుకున్నా ఆ హక్కు నాకుందనుకుంటాను. ఎక్సెల్‌లో ఉండే మామూలు రిపోర్టే ఇది. ఒక్కో ఖర్చు లైనుకు బడ్జెట్, అసలు ఖర్చు, తేడా ఉంటాయి. తేడా ఒక హద్దు దాటితే పక్కన 'Y' పడుతుంది. Y పడిన లైనుకు ఆ డిపార్ట్‌మెంట్ మేనేజరు రాతపూర్వకంగా కారణం చెప్పాలి. పడకపోతే ఎవరూ ఏమీ అడగరు.

మొదటి ఏడాది హద్దు 'పది శాతం లేదా 50,000' అని పెట్టుకున్నాం. ఆ 'లేదా' మమ్మల్ని ముంచింది. నెలకు 4,000 బడ్జెట్ ఉన్న స్టేషనరీ లైనులో 600 ఎక్కువైనా పదిహేను శాతం అవుతుంది, Y పడుతుంది. అటువైపు జీతాల లాంటి పెద్ద లైనులో ఒక శాతం కదిలినా 50,000 దాటుతుంది, అక్కడా Y. దాదాపు సగం లైన్లకు గుర్తులు పడేవి. అన్ని వివరణలు రాయమంటే మనుషులు ఏం చేస్తారో తెలిసిందే: 'అవసరం మేరకు ఖర్చు పెరిగింది' అనే వాక్యాన్ని నెల నెలా అతికించేవారు. రెండో ఏడాది 'లేదా' తీసేసి 'మరియు' పెట్టాం. పది శాతమూ దాటాలి, 50,000 కూడా దాటాలి. గుర్తులు పది పదిహేనుకు దిగాయి, వివరణల్లో కాస్త ప్రాణం వచ్చింది. ఇక్కడిదాకా రిపోర్టుకు మంచి మార్కులే.

అసలు సంగతి గుర్తు పడని లైన్లలో ఉందని తెలియడానికి ఇంకో ఏడాది పట్టింది.

ముందు నా తప్పు చెప్తాను. ఫార్ములా ఇలా రాసుకున్నాను. B బడ్జెట్, D తేడా:

```
=IFERROR(IF(AND(ABS(D2)>=50000,ABS(D2/B2)>=10%),"Y",""),"")
```

బడ్జెట్ సున్నా ఉన్న లైన్లలో భాగహారం కుదరక #DIV/0! వచ్చేది. రిపోర్టు చూడ్డానికి అసహ్యంగా ఉందని IFERROR తొడిగి ఖాళీ చేసేశాను. అంటే బడ్జెట్టే లేకుండా చేసిన ఖర్చుకు గుర్తే పడదన్నమాట! అందరికంటే ముందు సంజాయిషీ అడగాల్సిన లైన్లవే. అద్దె యంత్రాల లైనులో 2,10,000 ఇలాగే రెండు నెలలు నిశ్శబ్దంగా దాటిపోయింది. భాగహారం తీసేసి గుణకారం పెడితే సరిపోయింది:

```
=IF(AND(ABS(D2)>=50000,ABS(D2)>=ABS(B2)*10%),"Y","")
```

బడ్జెట్ సున్నా అయితే రెండో షరతు దానంతటదే నిజమవుతుంది, ఇక 50,000 ఒక్కటే చూస్తుంది. మీ రిపోర్టులో ఎక్కడైనా IFERROR కనిపిస్తే అది ఏ లైన్లను మింగుతోందో ఒకసారి చూసుకోండి.

నాకు బాగా గుర్తుండిపోయింది మాత్రం మరమ్మతుల లైను. నెలకు 10,00,000 బడ్జెట్. ఒక నెల 10,20,000 ఖర్చు వచ్చింది. రెండు శాతం తేడాను ఎవరు పట్టించుకుంటారు? గుర్తు లేదు, ప్రశ్న లేదు. మరుసటి నెల అదే లైను 13,00,000 చూపించింది. ముప్ఫై శాతం, Y పడింది. మేనేజరు వివరణ రాశారు: 'మెయింటెనెన్స్ కాంట్రాక్టు బిల్లు 3,00,000 గత నెలది, ఈ నెల బుక్ అయింది. వేళ తేడా మాత్రమే.' బిల్లు తీసి చూశాను, తేదీ గత నెలదే. అబద్ధం లేదు. ఫైలు మూసేయబోయాను.

అప్పుడు తట్టింది. గత నెల బిల్లు గత నెల బుక్ కాకపోతే, గత నెల లైను 3,00,000 తక్కువ చూపించాలి కదా? 20,000 ఎక్కువ ఎలా చూపించింది? అంటే ఆ నెలలో ఇంకో 3,20,000 ఏదో కూర్చుని ఉంది. ఫోన్ చేసి అడిగితే ఆయన దాచలేదు. "కంప్రెసర్ పాడైందండీ, అర్జెంటుగా బాగు చేయించాం. రిపోర్టులో గుర్తు రాలేదు, మీరూ అడగలేదు" అన్నారు. నిజమే, అడగలేదు. రాని బిల్లు, రాకూడని ఖర్చు ఒకదాన్నొకటి కప్పేసుకున్నాయి. లైను మొత్తం మాత్రమే చూసే హద్దుకు ఇది ఎప్పటికీ దొరకదు, శాతం ఎంత తగ్గించినా సరే.

ఆ తర్వాత రెండు మార్పులు చేశాం. లైనును కాంట్రాక్టు, బ్రేక్‌డౌన్ అని రెండుగా విడదీశాం. కాంట్రాక్టుకు బిల్లు వచ్చినా రాకున్నా నెలాఖరున ఆ నెల ఖర్చును అంచనాగా ప్రొవిజన్ కింద రాస్తున్నాం. అన్ని లైన్లనూ ఇలా చీల్చుకుంటూ పోతే గుర్తులు మళ్లీ పెరుగుతాయి కాబట్టి, స్థిరంగా వచ్చే ఖర్చూ అనుకోకుండా వచ్చే ఖర్చూ కలిసిపోయిన చోట మాత్రమే విడదీశాం. వివరణలోనూ ఒక ప్రశ్న చేర్చాను: 'వేళ తేడా అయితే దీనికి ఎదురు తేడా ఏ నెలలో, ఎంత?' ఆ గడి నింపలేకపోతే అది వేళ తేడా కాదు. ఈ నాలుగేళ్లలో చేసిన మార్పుల్లో నాకు ఎక్కువ పనికొచ్చింది ఇదే.

రెండో గుడ్డిచోటు నెమ్మదిగా పెరిగే ఖర్చు. ఒక కరెంటు లైను బడ్జెట్ నెలకు 8,00,000. ప్రతి నెలా సుమారు 45,000 ఎక్కువయ్యేది. నెలవారీ హద్దుకు ఎప్పుడూ కిందే. తొమ్మిది నెలలకు 4,05,000 అయింది. ఏడాది మొదటి నుంచి కలిపి చూసే కాలమ్ కూడా ఉందిగా అంటారేమో. ఉంది, కానీ దానికీ అదే 'పది శాతం మరియు' షరతు పెట్టాం. 72,00,000 మీద పది శాతమంటే 7,20,000. తేడా శాతం ఎన్ని నెలలైనా 5.6 దగ్గరే ఉంటుంది, ఎప్పటికీ పట్టుబడదు. ఇప్పుడు కలిపిన కాలమ్‌కు శాతం తీసేసి, 1,50,000 అనే మొత్తం ఒక్కటే పెట్టాం. ఆ లెక్కన ఈ లైను నాలుగో నెలలోనే, 1,80,000 దగ్గర దొరికేది.

మనుషుల తెలివి గురించి ఒక్క మాట. హద్దు ఎంతో అందరికీ తెలిశాక 47,000, 48,000 తేడాలు ఎక్కువ కనిపించడం మొదలైంది. కొందరు బిల్లును పక్క కోడ్‌లో వేయించేవారు. అందుకే నెలకు మూడు గుర్తు లేని లైన్లను నాకు తోచినట్టు ఎంచుకుని అడుగుతాను. ఏవి అడుగుతానో ముందే చెప్పను. దీనికి కొందరు ఇప్పటికీ నా మీద గుర్రుగా ఉన్నారు.

తక్కువ ఖర్చయిన లైన్లకు కూడా Y పడాలా అని ఏటా ఒక వాదన జరుగుతుంది. పడాలనే నా పట్టు, ఫార్ములాలో ప్లస్సా మైనస్సా అని చూడని ABS ఉన్నది అందుకే. ట్రైనింగ్ లైను 40 శాతం మిగిలిందంటే పొదుపు చేశారనుకోవచ్చు, పని వాయిదా పడిందనీ అనుకోవచ్చు. కిందటి ఏడాది వాయిదా పడింది. మొత్తం ఖర్చు ఆఖరి రెండు నెలల్లో వచ్చి పడింది, రెండు నెలలూ Y పడింది, రెండింటికీ వివరణ నేనే రాయాల్సి వచ్చింది. ఆ లైను మా డిపార్ట్‌మెంటుదే మరి.