సంక్రాంతి సేల్ ముందు k6తో లోడ్ టెస్ట్: ఏళ్ల తరబడి వాడాక నా మాట

ఆత్రేయపురం పూతరేకులు ఆన్‌లైన్‌లో అమ్మే ఓ చిన్న షాపు సైట్ చూసుకుంటాను. వూకామర్స్, షేర్డ్ హోస్టింగ్. ఏటా సంక్రాంతి ముందు k6 అనే టూల్‌తో లోడ్ టెస్ట్ చేస్తాను, అంటే ఒకేసారి ఎంతమంది వస్తే సైట్ తట్టుకుంటుందో చూస్తాను. ఉచితం, ల్యాప్‌టాప్ మీదే నడుస్తుంది, మా సైజు షాపుకి ఇంతకు మించి అక్కర్లేదు.

హోమ్ పేజీని టెస్ట్ చేసి సంబరపడితే మాత్రం దండగే, దాన్ని కాష్ ఇచ్చేస్తుంది. కార్ట్, చెకౌట్ ఒక్కొక్కరికి ఒక్కోలా ఉంటాయి కాబట్టి అక్కడ ప్రతిసారీ పీహెచ్‌పీ నడవాల్సిందే, బరువంతా వాటిదే. ఇంకోటి, k6 మామూలు స్క్రిప్టులో బ్రౌజర్ ఉండదు. మా పాత థీమ్‌లో బ్రౌజర్ తనంతట తాను పంపే `?wc-ajax=get_refreshed_fragments` లాంటి రిక్వెస్టులు, అంటే పేజీలో కార్ట్ లెక్కని తాజా చేసేవి, మనమే స్క్రిప్టులో రాయాలి, లేకపోతే టెస్ట్ బ్రహ్మాండంగా పాసవుతుంది, సైట్ పండగ రోజు పడుకుంటుంది.

```
k6 run --vus 100 --duration 5m cart.js
```

ఇది వంద మంది ఉత్తుత్తి యూజర్లని ఐదు నిమిషాలు నడుపుతుంది. ప్రతి క్లిక్ తర్వాత ఐదు సెకన్లు ఆగేలా `sleep(5)` పెడతాను, మనుషులు ఆగి చూస్తారు కదా. ఇక లెక్క చూడండి. సర్వర్ జవాబుకి 2 సెకన్లు పడితే ఒక్కొక్కరి చుట్టు 7 సెకన్లు, అంటే వంద మందిలో ఏ క్షణాన చూసినా 28 మంది పీహెచ్‌పీ లోపల ఉంటారు. మా ప్లాన్‌లో Entry Processes పరిమితి 20, అంటే ఒకేసారి లోపలికి అన్ని పీహెచ్‌పీ రిక్వెస్టులే. మిగతావాళ్లకి 508 ఎర్రర్. ప్లాన్ మీద ఎన్ని ‘అన్‌లిమిటెడ్’లు రాసినా అసలు గేటు ఈ అంకే. మరి పెద్ద ప్లాన్ కొనాలా? ముందు ఆ 2 సెకన్లని 1కి తెస్తే అదే వంద మందికి 17 చాలు. మేం అక్కర్లేని ప్లగిన్లు తీసేసి, ఆ ఫ్రాగ్మెంట్స్ కాల్ ఆపేసి దాదాపు అక్కడికే వచ్చాం.

ఫలితాల్లో 403, 429 ఎర్రర్లు కనిపిస్తే అది సైట్ నెమ్మది కాదు, ఒకే ఐపీ నుంచి ఇన్ని రిక్వెస్టులేంటని ఫైర్‌వాల్ ఆపేసింది. హోస్టింగ్ వాళ్లకి ముందే చెప్పి రాత్రి పూట చేయండి, చెకౌట్ పేజీ తెరవడంతో ఆపేయండి. పేమెంట్ గేట్‌వే మీద లోడ్ టెస్ట్ వద్దు.

స్టాక్ విషయంలో k6 సాయం చేయదు, అది సెట్టింగుల పని. వూకామర్స్‌లో కార్ట్‌లో వేసినంత మాత్రాన పెట్టె మీది కాదు, ఆర్డర్ పెట్టాకే పక్కన పెడుతుంది, అదీ Hold stock సెట్టింగ్ ప్రకారం 60 నిమిషాలు. యూపీఐ దాకా వచ్చి కట్టకుండా పోయినవాళ్లు నలభై మంది ఉన్నారనుకోండి, నలభై పెట్టెలు గంటసేపు బందీ, పెట్టెలు షాపులోనే ఉన్నా సైట్‌లో ‘స్టాక్ లేదు’. మేం దాన్ని 20 నిమిషాలు చేశాం. గేట్‌వేలో పేమెంట్ గడువు కంటే మాత్రం తక్కువ పెట్టకండి, ఆర్డర్ క్యాన్సిల్ అయ్యాక డబ్బు పడే గొడవ వస్తుంది. అయినా ఒకటీ అరా జారతాయి, అవి సాయంత్రం చేత్తోనే చూసుకుంటాం: పెట్టె ఉంటే పంపడం, లేదంటే రిఫండ్.