బోటు లెక్కలు, పైథాన్ పార్సర్: ఏడేళ్ల వాడకం తర్వాత

మా బాబాయికి విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో ఒక బోటు ఉంది. ప్రతి ట్రిప్ తర్వాత చేపల అమ్మకంలోంచి డీజిల్, ఐసు ఖర్చులు తీసేసి, మిగిలినదాన్ని ఓనరుకి సగం, కలాసీలకి సగం పంచుతారు. ఖర్చుల పద్దులు ట్రిప్పుకో రకంగా మారుతుంటాయి కాబట్టి లెక్క కట్టే సూత్రాన్ని పిన్నే తెలుగులో టైప్ చేసుకునేలా 2018లో ఒక చిన్న ప్రోగ్రాం రాసిచ్చాను. అప్పుడు నా దగ్గర ఉన్నది పైథాన్ 3.6. పేర్లు తెలుగులో పెట్టుకోవడానికి పైథాన్ ఒప్పుకుంటుంది, అందుకే దాన్ని ఎంచుకున్నాను. అప్పటినుంచి ఇప్పటివరకూ నాకు ఎక్కువ పని పెట్టినది లెక్క కాదు. లెక్క మొదలవకముందే ఆ రాతని చదివి, ఏ లెక్క దేని కిందికి వస్తుందో చూపే చెట్టుగా మార్చే భాగం, అంటే లెక్సర్, పార్సర్. ఈ సమీక్ష వాటి గురించే.

మొదటి గొడవ ఇక్కడ వచ్చింది. పిన్ని టైప్ చేసిన ఫైలు ఇది:

```python
print("లెక్క మొదలు")
మిగులు = (84000 - 30000 - 6000
వాటా = మిగులు / 2
```

రెండో లైను చివర బ్రాకెట్ మూయలేదు. పైథాన్ 3.6 మాత్రం మూడో లైను మీద, `వాటా` అనే పేరు దగ్గర వేలు పెట్టి `invalid syntax` అంది. పిన్ని ఆ లైన్ని చెరిపి మూడుసార్లు మళ్లీ టైప్ చేసింది. నాలుగోసారి ఫోన్. "ఏటిరా ఇది, వాటా అంటే దీనికి పడదా?" అని అడిగింది. ఇంకో అనుమానం కూడా తనదే. మొదటి లైనులో ఏ తప్పూ లేదు కదా, మరి "లెక్క మొదలు" అని కూడా తెర మీద పడలేదేం?

రెండో ప్రశ్నకి జవాబు తేలిక. పైథాన్ ఒక్కో లైనూ చదువుతూ నడుపుకుంటూ పోదు. ఫైలు మొత్తం చదివి, మొత్తానికీ ఒక చెట్టు కట్టి, ఆ చెట్టుని బైట్‌కోడ్‌గా మార్చుకున్నాకే మొదటి లైను నడుస్తుంది. చివరి లైనులో ఒక్క బ్రాకెట్ తప్పినా చెట్టు పూర్తి కాదు, కాబట్టి మొదటి లైను కూడా నడవదు. అదే `మిగులు` అనే పేరుని `మిగుల` అని తప్పు రాస్తే చెట్టుకి అభ్యంతరం లేదు. అప్పుడు "లెక్క మొదలు" అని పడ్డాకే `NameError` వస్తుంది. తెర మీద ఏదైనా పడిందా లేదా అని చూస్తే, మన తప్పు రాతలో ఉందో నడకలో ఉందో సగం తెలిసిపోతుంది. ఇది పిన్నికి నేర్పిన మొదటి చిట్కా, ఇప్పటికీ పనికొస్తోంది.

మొదటి ప్రశ్నకి జవాబు లెక్సర్‌లో ఉంది. లెక్సర్ పని అక్షరాల వరసని ముక్కలు చేయడం. ఈ ముక్కల్నే టోకెన్లు అంటారు. రెండో లైనులో `మిగులు` ఒక పేరు, `=` ఒక గుర్తు, `(` ఇంకో గుర్తు, `84000` ఒక సంఖ్య. లైను అయిపోయిన చోట మామూలుగా `NEWLINE` అని ఒక టోకెన్ ఇస్తుంది, వాక్యం ముగిసిందని పార్సర్‌కి తెలిసేది దానివల్లే. కానీ బ్రాకెట్ తెరిచి ఉన్నంతసేపూ లెక్సర్ ఆ టోకెన్‌ని మింగేస్తుంది. పొడుగాటి లెక్కని నాలుగు లైన్లలో రాసుకోగలుగుతున్నామంటే ఈ ఏర్పాటు వల్లే. మన ఫైలులో బ్రాకెట్ మూతపడలేదు కాబట్టి రెండో లైను, మూడో లైను అతుక్కుపోయాయి. పార్సర్ చేతికి అందిన వరసలో `6000` పక్కనే `వాటా` ఉంది. బ్రాకెట్‌లో ఒక సంఖ్య తర్వాత `-` లాంటి గుర్తో, కామానో, `)` మూతో రావాలి గానీ ఉత్త పేరు రాకూడదు. అందుకే దాన్ని పట్టుకుంది. తప్పు జరిగింది ఒక చోట, పార్సర్‌కి అది కనబడింది ఇంకో చోట. అప్పటి పార్సర్ ముందున్న ఒక్క టోకెన్‌ని చూసి నిర్ణయం తీసుకునే రకం. తను ఆగిపోయిన చోటు చెప్పడం తప్ప వెనక్కి తిరిగి చూడటం దానికి రాదు.

2020 అక్టోబర్‌లో వచ్చిన 3.9తో పార్సర్ మారింది. ఇప్పుడున్నది పెగ్ రకం. ఒక దారిలో ప్రయత్నించి, కుదరకపోతే వెనక్కొచ్చి ఇంకో దారి పడుతుంది. ఒకసారి చూసిన ముక్కని మళ్లీ మొదటినుంచి చూడకుండా గుర్తుపెట్టుకుంటుంది. నిజం చెప్పాలంటే 3.9లో పిన్నికి ఏ తేడా తెలియలేదు. మరుసటి ఏడాది 3.10 పెట్టాక ఇలా వచ్చింది:

```
    మిగులు = (84000 - 30000 - 6000
             ^
SyntaxError: '(' was never closed
```

ఈ ఒక్క లైను కోసమే నేను ఆ రోజు బాబాయి కంప్యూటర్‌లో పాతది తీసేసి కొత్తది ఎక్కించాను. ఇందులో మెచ్చుకోవాల్సింది లెక్సర్‌ని కూడా. తెరిచిన ప్రతి బ్రాకెట్‌నీ అది ఏ లైనులో తెరిచిందో సహా ఒకదాని మీద ఒకటి పేర్చిపెట్టుకుంటుంది. పార్సర్ ఒకసారి విఫలమయ్యాక తప్పుల్ని గుర్తుపట్టే అదనపు నియమాలతో రెండోసారి చదువుతుంది. ఆ తర్వాత మిగతా ఫైలంతా టోకెన్లుగా చదివి చూస్తారు. చివరికి వచ్చేసరికి ఇంకా మూతపడని బ్రాకెట్ మిగిలిపోతే, ఆగిపోయిన చోటు బదులు అది తెరిచిన చోటే చూపిస్తారు. అయితే మూత ఎక్కడ పెట్టాలో మాత్రం చెప్పదు. `30000` తర్వాత పెట్టాలా, `6000` తర్వాత పెట్టాలా అన్నది పిన్నికే తెలియాలి.

ఇక తెలుగువాళ్లుగా మనకి మాత్రమే తగిలే దెబ్బలు ఉన్నాయి. ఒకరోజు పిన్ని ఫోన్ కీబోర్డులో `డీజిల్` పక్కన ఖర్చు చేర్చి ఒకే పేరుగా రాసింది. మామూలుగా కలిపి కొడితే ల కింద ఖ వత్తు పడి చదవడానికి వికారంగా ఉంటుంది. అలా పడకుండా కీబోర్డు మధ్యలో కంటికి కనిపించని ఒక అక్షరం పెడుతుంది. పొల్లు పొల్లుగానే నిలబడేది దానివల్లే. పైథాన్ దాన్ని చూసి ఇలా అంది:

```
SyntaxError: invalid non-printable character U+200C
```

ఇది పార్సర్ దాకా కూడా పోలేదు. పేరులో ఏ అక్షరాలు ఉండొచ్చో లెక్సర్ దగ్గర యూనికోడ్ జాబితా ఉంది. గుణింతాలు, పొల్లు, సున్న అన్నీ అందులో ఉన్నాయి, ఈ కనిపించనిది లేదు. అదే అక్షరం కోట్స్ మధ్యలో ఉంటే ఏ గొడవా లేదు, ఎందుకంటే అక్కడ లెక్సర్ దాన్ని పేరుగా చూడదు. ఇప్పుడు మేం `డీజిల్_ఖర్చు` అని కింద గీత పెట్టి రాస్తున్నాం. తెలుగు అంకెలతో కూడా ఇదే తంతు. `int("౩౦౦౦౦")` అంటే చక్కగా 30000 ఇస్తుంది, అదే కోట్స్ లేకుండా రాస్తే లెక్సర్ ఒప్పుకోదు.

దీనికన్నా నాకు ఎక్కువ కోపం తెప్పించింది `tokenize` అనే మాడ్యూల్. టోకెన్లు ఎలా పడుతున్నాయో చూడాలంటే `python -m tokenize` అని కొడతాం. 3.11 వరకూ అది అసలు లెక్సర్ కాదు, పైథాన్‌లోనే విడిగా రాసుకున్న ఇంకో లెక్సర్. దానికి గుణింతాలు అక్షరాల్లో లెక్క కాదు. `మిగులు` అనే ఒక్క పేరుని మ, ఇ-గుడి, గ, కొమ్ము, ల, కొమ్ము అని ఆరు ముక్కలు చేసి, వాటిలో మూడింటిని `ERRORTOKEN` అని చూపించేది. అసలు పైథాన్ ఆ పేరుతో హాయిగా నడుస్తుండేది! నా ఫైలులో తప్పు వెతుకుతూ ఒక రాత్రంతా పోగొట్టుకున్నాను. 2023 అక్టోబర్‌లో వచ్చిన 3.12లో ఈ మాడ్యూల్‌ని అసలు లెక్సర్‌కే కలిపారు, పీడ వదిలింది.

వదలనిది ఇంకొకటి ఉంది. `మిగులు` కంటికి మూడక్షరాలు. `tokenize` లెక్కలో ఆరు, ఎందుకంటే అది యూనికోడ్ సంకేతాలు లెక్కపెడుతుంది. చెట్టు ఇచ్చే `ast` మాడ్యూల్ లెక్కలో పద్దెనిమిది, ఎందుకంటే అది బైట్లు లెక్కపెడుతుంది. `మిగులు = అమ్మకం` అని రాస్తే, సున్నా నుంచి లెక్కపెట్టి, `అమ్మకం` 9వ స్థానంలో మొదలైందని ఒకటి, 21వ స్థానంలో అని ఇంకొకటి అంటాయి. తప్పున్న పదాన్ని ఎర్రగా చూపిద్దామని నేను రాసిన కోడ్ మొదట్లో ఎప్పుడూ పక్క పదానికే రంగు వేసేది. ముందు లైన్ని బైట్లుగా మార్చి, అక్కడిదాకా కోసి, మళ్లీ అక్షరాలుగా మార్చి పొడవు చూసుకోవాలి. ఇది `ast` డాక్యుమెంట్లో రాసే ఉంది, చదవకపోవడం నా తప్పే.

ఇన్ని తిట్లు తిట్టాక కూడా ఇంకా వాడుతున్నానంటే చెట్టు వల్లే. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం కదా, బోటు జెట్టీ దగ్గరే ఉంటుంది. ఒకసారి ఆ 61 రోజుల్లో పాత ట్రిప్పుల లెక్కలు తిరగేస్తుంటే ఒకదాంట్లో వాటా 51000 అని ఉంది. రావాల్సింది 24000. పిన్ని బ్రాకెట్లు రెండూ తీసేసి `అమ్మకం - డీజిల్ - ఐసు / 2` అని రాసింది. లెక్సర్‌కి తప్పు లేదు, పార్సర్‌కీ తప్పు లేదు. `ast.dump`కి `indent=4` ఇచ్చి చూస్తే చెట్టులో ఆ లెక్క ఇలా ఉంది:

```
BinOp(
    left=BinOp(
        left=Name(id='అమ్మకం', ctx=Load()),
        op=Sub(),
        right=Name(id='డీజిల్', ctx=Load())),
    op=Sub(),
    right=BinOp(
        left=Name(id='ఐసు', ctx=Load()),
        op=Div(),
        right=Constant(value=2)))
```

చెట్టు పై కొమ్మ తీసివేత. భాగహారం ఎక్కడో కింద, ఐసు పక్కన ఇరుక్కుంది. అంటే సగమైంది 6000 రూపాయల ఐసు ఒక్కటే, మిగతా సొమ్మంతా అలాగే ఉంది. బ్రాకెట్లు పెట్టి రాసిన లెక్కకి చెట్టు తీస్తే భాగహారం పైకొస్తుంది. తమాషా ఏంటంటే ఆ చెట్టులో బ్రాకెట్లు ఎక్కడా కనబడవు. వాటి పని చెట్టు ఆకారాన్ని మార్చడమే, మార్చాక వాటిని పారేస్తారు. కామెంట్లూ ఖాళీలూ కూడా అంతే. అందుకే పిన్ని రాసినదాన్ని సరిచేసి తిరిగి రాయాలంటే చెట్టు చాలదు, టోకెన్లే కావాలి.

ఇప్పుడు మా ప్రోగ్రాం సూత్రాన్ని నడపకముందే `ast.parse` చేసి, పై కొమ్మ `Div` కాకపోతే ఆగి, "సగం చేసేది దేన్ని?" అని అడుగుతుంది. మొన్న పిన్ని ఆ ప్రశ్నకి జవాబుగా అక్కడే "మొత్తాన్ని" అని టైప్ చేసింది. ఆ జవాబు చదవడం ఇంకా రాయలేదు.